మీటింగ్‌లో మాటామాటా పెరిగాక పంపే మెసేజ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఒకే ఒక్క సందర్భం గురించి. మీటింగ్‌లో ఏదో పని విషయంలో వాదన వేడెక్కింది, గొంతులు పెరిగాయి, మీరో అవతలివాళ్లో ఒక మాట తూలారు, మీటింగ్ ముగిసింది. అసలు విషయం ఇంకా తేలలేదు, రేపు మళ్లీ అదే మనిషితో కలిసి పనిచేయాలి. ఆ గొడవను తిరగదోడకుండా, ఇద్దరి మధ్య మాటలు మామూలయ్యేలా ఒక మెసేజ్ ఎలా పంపాలి అన్నదే ఇక్కడి సంగతి. ఇందులో ఉదాహరణగా చెప్పేది నేను చేసిన ఘనకార్యమే.

అసలు మెసేజ్ ఎందుకు? ఎదురుపడ్డప్పుడు మాట్లాడితే పోలా?

పోతుంది, వీలైతే అదే మంచిది. కానీ ఎదురుపడి మాట్లాడటంలో ఒక చిక్కుంది. మీరు సారీ చెప్పగానే అవతలి మనిషి అక్కడికక్కడే ఏదో ఒకటి అనాలి. ఇంకా కోపం తగ్గని మనిషి మొహమాటానికి "అబ్బే, ఏం లేదు" అంటాడు, లేదంటే లోపలున్నదంతా కక్కేస్తాడు. మొదటిదైతే ఏమీ తేలదు. రెండోదైతే వాదన మళ్లీ మొదలు. మెసేజ్ అయితే చదివి, పక్కన పెట్టి, మనసు కుదుటపడ్డాక జవాబివ్వచ్చు. పైగా చాలామందికి ఇప్పుడు సహోద్యోగులు స్క్రీన్ మీదే కనిపిస్తారు, కాఫీ దగ్గర తారసపడే అవకాశమే ఉండదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మెసేజ్ పని తలుపు తెరవడం వరకే. నాలుగైదు మెసేజ్‌లు అటూ ఇటూ తిరిగాయంటే అది ఇంక మెసేజ్‌తో అయ్యే పని కాదు, ఫోన్ చేయండి.

ఎంతసేపటికి పంపాలి?

మీటింగ్ అయిన వెంటనే వద్దు. ఆ గంటలో రాసేది సారీలా కనిపిస్తుందిగానీ, చదివితే అందులో సగం మీ వాదనే ఉంటుంది. మరీ మూడు రోజులు ఆగడమూ మంచిది కాదు, ఆ లోపు అవతలి మనిషి మీ మౌనానికి తన అర్థం తను చెప్పుకుంటాడు. అదే రోజు సాయంత్రం పని ముగిసే వేళకో, లేదా మర్నాడు పొద్దున పని మొదలవ్వకముందో పంపితే సరిపోతుంది. అర్ధరాత్రి పంపకండి. రాత్రి పన్నెండున్నరకి వచ్చిన సారీ చదివినవాడికి, మీరు నిద్రపట్టక దొర్లుతున్నారన్న సంగతి ముందు తెలుస్తుంది, ఆపైన మిమ్మల్ని ఓదార్చే బాధ్యత కూడా అతని మీదే పడుతుంది.

నాకు పనిచేసే పరీక్ష ఒకటుంది. డ్రాఫ్ట్ రాసుకుని, మనసులో "దీనికి వాడు ఇలా అంటే నేను ఇలా అంటాను" అని డైలాగులు నడుస్తున్నాయేమో చూసుకుంటాను. నడుస్తుంటే ఇంకా టైం కాలేదని అర్థం.

సరే, ఏం రాయాలి? ఒక నిజమైన ఉదాహరణ చెప్పండి.

గురువారం పదకొండింటికి మీటింగ్. బిల్లింగ్ పేజీ కొత్త వెర్షన్ ఎప్పుడు విడుదల చేయాలన్నది విషయం. వచ్చే వారమే చేసేద్దామని నేను. ఇంకో రెండు వారాలు కావాలని టెస్టింగ్ చూసే ఆయన, నాకంటే కొంచెం సీనియర్. ఆయన మాట్లాడుతుంటే రెండుసార్లు అడ్డం వెళ్లాను. మూడోసారి ఎనిమిది మంది ముందు "మీకు ప్రతిసారీ ఏదో ఒక అడ్డంకి కనపడుతుందండీ" అనేశాను. ఆయన ఇంక ఒక్క మాట మాట్లాడలేదు. కెమెరా ఆపేశాడు. మిగతా ఇరవై నిమిషాలు ఆ నల్లటి చదరమే నా కళ్లకి కనిపిస్తూ ఉంది.

పన్నెండు కాకముందే మొదటి డ్రాఫ్ట్ రాశాను:

"అన్నా, ఇందాక మీటింగ్‌లో కొంచెం ఎక్కువగా మాట్లాడి ఉంటే సారీ. కానీ డేట్ ఇప్పటికే రెండుసార్లు వెనక్కి వెళ్లింది కదా, ఆ టెన్షన్‌లో అన్నాను. మిమ్మల్ని బాధపెట్టాలన్న ఉద్దేశం నాకు లేదు. మీరు కూడా మా వైపు నుంచి ఆలోచిస్తారని అనుకుంటున్నాను."

రాసినప్పుడు చాలా మర్యాదగా ఉందనిపించింది. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి చదివితే సిగ్గేసింది. "మాట్లాడి ఉంటే" ఏమిటి, మాట్లాడాను, ఎనిమిది మంది విన్నారు. "రెండుసార్లు వెనక్కి వెళ్లింది" అన్నది అచ్చంగా మీటింగ్‌లో నా వాదన, దాన్నే మళ్లీ సారీలో చుట్టి పంపుతున్నాను. చివరి వాక్యం అయితే మరీ ఘోరం, ఆయన ఆలోచించట్లేదని దెప్పిపొడుస్తున్నట్టే ఉంది.

సాయంత్రం ఐదున్నరకి పంపింది ఇది:

"అన్నా, ఇవాళ మీటింగ్‌లో మీరు చెప్తుంటే రెండుసార్లు మధ్యలో ఆపేశాను, ఆ తర్వాత అందరి ముందు ఆ అడ్డంకి మాట అన్నాను. అది తప్పు, సారీ. డేట్ సంగతి సోమవారం మీటింగ్‌లో ఎలాగూ ఉంది, అక్కడ మీరు చెప్పేది మొత్తం వింటాను, మధ్యలో రాను. దీనికి ఇప్పుడే రిప్లై ఇవ్వాల్సిన పనేం లేదు."

ఇందులో ఉన్నవి నాలుగు ముక్కలే. నేను చేసింది ఏమిటో పేరు పెట్టి చెప్పడం, అది తప్పని ఒక్క మాటలో ఒప్పుకోవడం, అసలు విషయాన్ని దాని చోటికి పంపేయడం, అవతలి మనిషికి ఊపిరి తీసుకునే వీలివ్వడం. వీటిలో మూడోది చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో వాదన తిరగదోడకుండా ఆపేది అదే. "ఆ విషయం వదిలేద్దాం" అని రాస్తే, తన మాట నెగ్గించుకుని మూత వేస్తున్నాడనుకుంటారు. విషయం అస్సలు ఎత్తకపోతే, మరి డేట్ సంగతేంటి అని వాళ్లే మొదలుపెడతారు. సోమవారం మీటింగ్ అని ఒక చోటు, ఒక వేళ చూపిస్తే ఇప్పుడు దాన్ని కెలకాల్సిన అవసరం ఇద్దరికీ ఉండదు.

"ఆ అడ్డంకి మాట" అని ఊరుకున్నాను చూడండి, అన్న వాక్యాన్ని పూర్తిగా మళ్లీ రాయలేదు. దేని గురించో ఆయనకి తెలుసు. గుచ్చుకున్న మాటని అక్షరాలా మళ్లీ చదివించడం గోరుచుట్టు మీద రోకటిపోటే అవుతుంది.

సారీ చెబితే నా వాదన తప్పని ఒప్పుకున్నట్టు కాదా?

కాదు, కానీ అలా కాకుండా ఉండాలంటే మీరు జాగ్రత్తగా రాయాలి. చెప్పిన విషయం వేరు, చెప్పిన తీరు వేరు. సారీ తీరుకి మాత్రమే. "మధ్యలో ఆపేశాను" అన్నది తీరు. "డేట్ గురించి తొందరపడ్డాను" అన్నది విషయం. మీరు నిజంగా తొందరపడ్డానని అనుకోకపోతే రెండోది రాయకండి, ఎందుకంటే సోమవారం మళ్లీ అదే డేట్ కోసం పట్టుబట్టినప్పుడు మీ సారీ అబద్ధమైపోతుంది. గొడవ సద్దుమణగాలని అబద్ధపు ఒప్పుకోళ్లు రాసేవాళ్లని చాలామందిని చూశాను. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత మొదటికంటే పెద్ద గొడవ అవుతుంది.

అలాగని "నా అభిప్రాయం మాత్రం మారలేదు" అని కూడా రాయక్కర్లేదు. అడిగిందెవరు?

"కానీ" అన్న మాట అంత ప్రమాదమా? కారణం చెప్పకపోతే ఎలా అర్థమవుతుంది?

"సారీ" తర్వాత "కానీ" వస్తే చదివేవాళ్లకి దాని ముందున్నది చెరిగిపోతుంది. దానికి చుట్టాలు కూడా ఉన్నాయి: "అయితే", "నిజానికి", "ఒకటి మాత్రం చెప్పాలి". "ఉద్దేశం లేదు" అన్నదీ ఆ బాపతే. మీ ఉద్దేశం మీకు తెలుసు, ఆయనకి తగిలింది మాట. ఉద్దేశం గురించి రాయడం మొదలుపెడితే మెసేజ్ మీ గురించి అయిపోతుంది.

కారణం చెప్పడమే తప్పని కాదు. ఓహియో స్టేట్ యూనివర్సిటీలో రాయ్ లెవికీ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో క్షమాపణని ఆరు భాగాలుగా విడదీసి ఏది ఎంత పనిచేస్తుందో చూశారు. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది తప్పు నాదే అని బాధ్యత తీసుకోవడం, దాని తర్వాత జరిగినదాన్ని సరిచేస్తానని చెప్పడం. అన్నిటికంటే తక్కువ పనికొచ్చింది "నన్ను క్షమించండి" అని అడగడం. కారణం వివరించడం కూడా ఆ ఆరింటిలో ఉంది. అయితే వేడి మీద జరిగిన గొడవ తర్వాత మనం రాసే కారణం నూటికి తొంభైసార్లు వాదనలోని పాయింటే అయ్యుంటుంది, అదీ చిక్కు. వాదనతో సంబంధం లేని కారణమైతే, అంటే రాత్రంతా నిద్రలేదు లాంటిదైతే, ఒక ముక్క పెట్టొచ్చు. నేనైతే అదీ పెట్టను.

క్షమించమని అడగడం ఎందుకు పనిచేయదంటే, అది అవతలి మనిషికి ఇంకో పని అప్పజెప్పడం. అందుకే నా మెసేజ్‌లో అది లేదు.

మాట తూలింది వాళ్లైతే? నేనెందుకు సారీ చెప్పాలి?

చెప్పకండి. చేయని తప్పుకి సారీ చెబితే అది ఎత్తిపొడుపులా వినపడుతుంది. కానీ మొదటి మెసేజ్ మీరు పంపకూడదని ఎక్కడా లేదు. ఇలాంటిది చాలు: "ఇవాళ మీటింగ్ బాగా వేడెక్కింది. మన ఇద్దరి మధ్య అది మిగలకూడదని నా కోరిక. రేపటి రిపోర్ట్ నా వైపు నుంచి రెడీ, పదింటికి పంపుతాను." సారీ లేదు, నింద లేదు. వాళ్లకి సారీ చెప్పాలనుంటే దానికి చోటు దొరుకుతుంది, లేకపోయినా పని నడుస్తుంది.

"వేడెక్కింది" అని కర్త లేకుండా రాశాను కదా, అది ఇక్కడ మాత్రమే సరైనది. తూలింది మీరే అయితే "మీటింగ్ కొంచెం అటూ ఇటూ అయింది" అని కర్తని మాయం చేయడం తప్పించుకోవడమే.

ఎమోజీ పెట్టాలా? వాయిస్ నోట్ మేలు కదా?

2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరో ఇద్దరు కలిసి ఈమెయిల్‌లో స్వరం ఎంతవరకు చేరుతుందో పరీక్షించారు. రాసింది వెటకారమా, నిజంగా అన్నదా అన్నది చదివేవాళ్లు సుమారు 78 శాతం సార్లు సరిగ్గా పట్టుకుంటారని రాసినవాళ్లు అనుకున్నారు. నిజానికి పట్టుకున్నది 56 శాతం, అంటే బొమ్మా బొరుసా వేసినదానికంటే కాస్త నయం. మన మెసేజ్‌ని మనం చదువుకుంటున్నప్పుడు మన గొంతు మన చెవిలో వినిపిస్తుంది కాబట్టే ఈ తేడా. అందుకని జోకు, వెటకారం, "హహ" ఇవేవీ మొదటి మెసేజ్‌లో వద్దు. చేతులు జోడించిన బొమ్మ కూడా, అంతకుముందు ఆ మనిషికి ఎప్పుడూ పంపని అలవాటైతే, నాటకంలా ఉంటుంది.

వాయిస్ నోట్‌లో స్వరం చేరుతుంది నిజమే. కానీ రికార్డ్ చేస్తుంటే మాటలు సాగుతాయి, నలభై సెకన్లు దాటాక కచ్చితంగా వాదనలోకి జారతారు. పైగా మళ్లీ చదువుకుని దిద్దుకునే వీలుండదు. ముందు రాసుకుని, దాన్ని చూసి చెప్పగలిగితే పంపండి.

గ్రూప్‌లో అందరి ముందు అన్నాను, సారీ కూడా గ్రూప్‌లోనే చెప్పాలా?

ముందు విడిగా. గ్రూప్‌లో పెడితే ఆ మనిషి అందరి ముందు పెద్దమనసు చూపించక తప్పదు, అది బలవంతం. విడిగా మాట కలిశాక, మీరు అన్నది ఆయన పనితనాన్ని కించపరిచేదైతే మాత్రం అందరి ముందూ దిద్దాలి, అయితే క్షమాపణ రూపంలో కాదు. నేను సోమవారం మీటింగ్ మొదట్లో "పోయినసారి ఆయన్ని చెప్పనివ్వలేదు, ముందు ఆయన పాయింట్లు విందాం" అన్నాను. పది సెకన్లు పట్టలేదు.

రిప్లై వచ్చింది, కానీ అందులో మళ్లీ వాదన మొదలుపెట్టారు. ఇప్పుడేం చేయాలి?

అసలు పరీక్ష ఇక్కడే. నాకు రాత్రి ఎనిమిదింటికి వచ్చిన జవాబు: "పర్లేదులే. కానీ ఆ మూడు బగ్‌ల గురించి నేను నెల నుంచి మొత్తుకుంటున్నా, ఎవరికీ పట్టట్లేదు."

నా వేళ్లు అప్పటికే టైప్ చేస్తున్నాయి, ఆ మూడింటిలో రెండు పోయిన వారమే సరిచేశామని. అది నిజం కూడా. పంపి ఉంటే ఏమయ్యేది? ఆయన మూడోదాని తీవ్రత చెప్పేవాడు, నేను అది ఎంతమందికి తగులుతుందో లెక్క చెప్పేవాణ్ని, రాత్రి తొమ్మిదింటికి ఫోన్లలో మీటింగ్ రెండో భాగం నడిచేది. నిజమైన పాయింట్ అయినంత మాత్రాన ఇప్పుడే చెప్పాలని లేదు.

ఇలాంటి జవాబులో రెండు పొరలుంటాయి. పైన విషయం, మూడు బగ్‌లు. కింద బాధ, ఎవరికీ పట్టట్లేదు. కిందిదానికి జవాబివ్వండి, పైదాన్ని దాని చోటికి పంపండి. నేను రాసింది: "నెల నుంచి చెప్తున్నా పట్టించుకోకపోతే ఎవరికైనా విసుగొస్తుంది. ఆ మూడూ సోమవారం మీటింగ్ లిస్టులో మొదటి అంశంగా పెట్టిస్తాను, మీరే మొదలుపెట్టండి." ఆయన నుంచి ఒక బొటనవేలు వచ్చింది. ఆ పూటకి అది చాలు.

ఇక్కడ మనుషులు చేసే పొరపాటు, "అవును, ఎవరికీ పట్టట్లేదు" అని ఒప్పేసుకోవడం. మీరు అలా అనుకోవట్లేదు కదా. విసుగు సహజమని ఒప్పుకుంటే చాలు, ఆరోపణని ఒప్పుకోనక్కర్లేదు.

ఇంకా ఘాటైన జవాబు వస్తే, పేరాలకు పేరాలు వస్తే, వాక్యానికి వాక్యం జవాబివ్వకండి. "చదివాను. ఇది మెసేజ్‌లో తేలేది కాదు, రేపు ఒక పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడదామా?" అని ఆపేయండి.

ఒట్టి "ఓకే" అని వచ్చింది. అసలు రిప్లయే రాలేదు. కోపం పోలేదనా?

కావచ్చు, కాకపోవచ్చు. "ఓకే" అన్నవాడు ట్రాఫిక్‌లో ఉండొచ్చు. రిప్లై అక్కర్లేదని మీరే రాశాక, రాలేదని కంగారుపడటం బాగోదు. "నా మెసేజ్ చూశారా?" అని మాత్రం అడగకండి, సారీకి రసీదు అడిగినట్టుంటుంది. రెండు నీలం టిక్కులు పడ్డాయంటే చదివారు, మీ పని అయిపోయింది.

మూడు నాలుగు పనిదినాలు గడిచినా మామూలు పని మెసేజ్‌లకి కూడా ముక్తసరిగానే జవాబొస్తుంటే, మీ మెయిల్స్‌లోంచి మిమ్మల్ని తప్పించి మీ మేనేజర్‌కి రాస్తుంటే, అప్పుడు ఎదురుపడి మాట్లాడాల్సిందే. రెండో సారీ మెసేజ్ వద్దు.

సారీ తర్వాత మొదటి పని మెసేజ్ ఎలా ఉండాలి?

గొడవకి ముందు ఎలా రాసేవాళ్లో అచ్చం అలాగే. "అన్నా" అని పిలిచేవాళ్లు హఠాత్తుగా "సర్" అన్నారంటే దూరం పెట్టినట్టు. ఎప్పుడూ లేనిది నాలుగు వరుసల పొగడ్త రాశారంటే కాకాపడుతున్నట్టు. చిన్న పని విషయం, ఆయనకి తేలిగ్గా జవాబివ్వగలిగేది, గొడవపడ్డ అంశంతో సంబంధం లేనిది అయితే మరీ మంచిది. నేను శుక్రవారం అడిగింది టెస్ట్ సర్వర్ పాస్‌వర్డ్ మారిందా అని. మారింది, పంపాడు, పక్కనే "కాపీ చేసేటప్పుడు చివర స్పేస్ రాకుండా చూసుకో, నాకు అరగంట పోయింది" అని కూడా రాశాడు. ఐదున్నరకి పంపిన సారీ పనిచేసిందని నాకు తెలిసింది అప్పుడే, బొటనవేలు చూసి కాదు.

అవతల ఉన్నది మా బాస్ అయితే? లేదా నా కింద పనిచేసేవాళ్లైతే?

బాస్‌కైతే ఇంకా చిన్నగా, రెండు వాక్యాలు దాటకుండా. కింద పనిచేసేవాళ్లకైతే ఒక జాగ్రత్త ఎక్కువ. మీ మెసేజ్ ఎంత మెత్తగా ఉన్నా వాళ్లు దాన్ని ముందు భయంతో చదువుతారు. "ఒకసారి మాట్లాడాలి" అని ఖాళీగా పంపారంటే ఆ రాత్రి వాళ్లకి నిద్ర ఉండదు. తప్పు మీదని మొదటి వాక్యంలోనే చెప్పేయండి, వాళ్ల అభిప్రాయం మళ్లీ చెప్పడానికి చోటుందని కూడా చెప్పండి, లేకపోతే ఇంక ఏ మీటింగ్‌లోనూ నోరు విప్పరు.

మెసేజ్ పంపకూడని సందర్భాలున్నాయా?

ఉన్నాయి. అవతలివాళ్లు బెదిరించినా, కులం గురించో ఒంటి గురించో ఆడా మగా అనో కించపరిచినా అది వేడెక్కిన వాదన కాదు. దాన్ని మీరు మెసేజ్‌తో సర్దుకోవాల్సిన అవసరం లేదు. జరిగింది తేదీతో సహా రాసిపెట్టుకుని హెచ్ఆర్‌కో పైవాళ్లకో చెప్పండి. అలాంటిది మీరే అని ఉంటే రెండు వాక్యాల చాట్ మెసేజ్‌తో తేల్చేయాలని చూడకండి.

మామూలు గొడవలోనైనా, రాసింది ఎవరికైనా ఫార్వర్డ్ కావచ్చని గుర్తుపెట్టుకోండి. మీటింగ్‌లో ఉన్న మూడో మనిషి గురించి ఒక్క ముక్క రాయకండి, "ఆయన ఎగదోయడం వల్లే" లాంటివి అసలే వద్దు.

కొన్ని వారాల తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తి ఇంకోసారి సారీ చెప్పాలా?

వద్దు. వాళ్లే జోకుగా ఎత్తితే నవ్వేయండి. ఆయన ఇప్పటికీ నా డేట్ చూడగానే "నాకో అడ్డంకి కనపడుతోంది" అంటాడు, ఆ తర్వాత నిజంగానే ఒకటి చూపిస్తాడు.